దేవకుమారి టీచరు పోస్టుల పట్టిక

నేను ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు తెలుగు చెప్పాను. రిటైరయ్యాక అరుగు మీద కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటే చాలనుకున్నాను. ఎదురింటి దేవకుమారి అది సాగనివ్వలేదు. డెబ్బై రెండేళ్ళ వయసులో నన్ను ఇన్‌స్టాగ్రాము కింద రాతలు దిద్దే మాస్టార్ని చేసి కూర్చోబెట్టింది. హనుమంతరావు మాస్టారంటే ఒకప్పుడు హెడ్మాస్టరు కూడా లేచి నిలబడేవాడు. ఇప్పుడు "తాతగారూ, ఈ రీలుకి రెండు లైన్లు చాలండీ" అంటోంది ఒక చిన్న పిల్ల.

దేవకుమారి మా వట్లూరు కాలనీలో ఇరవై నాలుగేళ్ళుగా లెక్కల ట్యూషన్ చెబుతోంది. వరండాలో ఎనిమిదో తరగతి, లోపలి హాల్లో తొమ్మిదీ పదీ. ఆమె భర్త జేమ్స్ ఏలూరు బస్సు గ్యారేజీలో పని చేస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి తన ఇంట్లో తనకి కూర్చునే చోటు లేక మా అరుగు మీద టీ తాగుతాడు. ఆ ట్యూషన్లో ఎప్పుడూ నలభై మందికి తక్కువ ఉండేవారు కాదు. కిందటేడు రోడ్డు మీద ఒక పెద్ద కోచింగ్ సెంటరు బ్రాంచి వెలిసింది. ఏసీ గదులు, మెడలో ఐడీ కార్డు తాళ్ళేసుకున్న పిల్లలు, మూడంతస్తుల ఎత్తు ఫ్లెక్సీ. ఏప్రిల్ వచ్చేసరికి దేవకుమారి దగ్గర మిగిలింది ఇరవై నాలుగు మంది.

ఆ సెంటరు మేనేజరు హేమంత్‌కుమార్ చాలా మర్యాదస్తుడు. స్వయంగా వచ్చి, చెప్పులు బయట విడిచి, "మేడమ్, మీ ఎక్స్‌పీరియన్సు వేస్టవుతోందండీ. మా దగ్గర డౌట్స్ సెక్షన్ ఇంచార్జిగా వచ్చేయండి. జూన్ పన్నెండున స్కూళ్ళు తెరిచే లోపు చెబితే చాలండీ" అన్నాడు. డౌట్స్ సెక్షనంటే కారిడార్లో ఒక బల్ల. పిల్లలు వచ్చి అడిగిన లెక్క చేసి పంపాలి, పాఠం మాత్రం చెప్పకూడదు. దేవకుమారి ఆ రాత్రి అన్నం తినలేదని జేమ్స్ చెప్పాడు. ముప్పై మంది వస్తే ట్యూషన్ నడుపుతాను, రాకపోతే మూసేసి ఆ బల్ల దగ్గర కూర్చుంటాను అని ఆమె తనకు తానే గీత గీసుకుంది. నాకూ బాధేసింది. కానీ నేను చేయగలిగిందేముంది?

ఆమె తనకి తోచింది చేసింది. రోజూ ఉదయం ఆరింటికి "అడ్మిషన్లు జరుగుచున్నవి, త్వరపడండి" అని గులాబీ పువ్వుల బొమ్మ మీద రాసి తొమ్మిది వాట్సాప్ గ్రూపుల్లో పెట్టింది. చర్చి గ్రూపులో పెట్టింది. కాలనీ నీళ్ళ ట్యాంకరు గ్రూపులోనూ పెట్టింది. పదకొండో రోజున కాలనీ గ్రూపు అడ్మిన్ భీమశంకరం ఆమెని గ్రూపులోంచి తీసేశాడు. తీసేసి, ఇంటికొచ్చి, "ఏమనుకోకండి టీచరుగారూ, ట్యాంకరు ఎప్పుడొస్తుందో మెసేజీ వెతుక్కోలేకపోతున్నామండీ" అని క్షమాపణ కూడా చెప్పాడు. మావైపు, మనిషిని గెంటేసేటప్పుడు కూడా 'అండీ' తప్పదు.

అప్పుడు తాడేపల్లిగూడెం నుంచి దేవకుమారి మేనకోడలు ఇందు దిగింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. ఒక చీరల కొట్టుకీ, ఒక బేకరీకీ ఫోన్లో పోస్టులు పెట్టి జీతం తీసుకుంటోంది. అది ఉద్యోగమా అని నేను అడిగాను. "మీరు చదివే పేపర్లో ప్రకటనలు ఎవరో ఒకరు రాస్తారుగా తాతగారూ" అంది. మళ్ళీ అడగలేదు.

ఇందు లాప్‌టాప్ తెరిచి మే నెలకి పట్టిక వేసింది. దాన్ని కంటెంట్ క్యాలెండరంటారట. ముందు ఆ నెలలో తప్పించలేని తేదీలు రాసింది: పదో తరగతిలోకి వెళ్ళేవాళ్ళకి వేసవి బ్యాచి ఎప్పుడు మొదలు, సప్లిమెంటరీ పరీక్షలెప్పుడు, బడులెప్పుడు తెరుస్తారు. ఆ తర్వాత వారానికి నాలుగు గళ్ళు. నెలకి పదహారు. ప్రతి గడి పక్కన తేదీ, టైము, విషయం, వీడియోనా ఫొటోనా, కింద రాత, ఫేస్‌బుక్కులోనా ఇన్‌స్టాలోనా స్టేటస్‌లోనా, తయారైందా లేదా.

"పదహారింట్లో ఎనిమిది పాఠాలత్తా. అవి ఆకుపచ్చ. ఐదు నీ గురించి, నీ ఇంటి గురించి. పసుపు. మూడే మూడు అడ్మిషన్లవి. ఎరుపు," అంది ఇందు.

"మూడేనా? నాకు కావాల్సింది అవే కదే!" అంది దేవకుమారి.

"అందుకే మూడత్తా. నువ్వు రోజూ అడిగితే జనం మొహం తిప్పుకుంటారు. పాఠం చూసి నమ్ముతారు, నిన్ను చూసి ఇష్టపడతారు, అప్పుడు అడిగితే వస్తారు. అడిగేవి కూడా నెలాఖర్లో. బడి తెరిచే ముందే కదా తల్లిదండ్రులు ట్యూషన్ గురించి ఆలోచించేది."

ఇది నాకు నచ్చింది. నచ్చిందని పైకి చెప్పలేదు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక ఎనిమిది పాఠాల వీడియోలూ ఒకే మధ్యాహ్నం తీసేశారు. బీరువాలోంచి నాలుగు చీరలు తీసి, రెండు వీడియోలకొక చీర మార్చింది దేవకుమారి. వేరు వేరు రోజుల్లో తీసినట్టు ఉండాలట. బియ్యం డబ్బా మీద నిఘంటువు, దాని మీద ఫోను. నిఘంటువు నాది. పక్కింటి వెంకటనరసమ్మ కిటికీలోంచి నాలుగు చీరలూ లెక్కబెట్టి, ఇందుకి పెళ్ళిచూపులని వీధంతా చెప్పింది. సాయంత్రానికి ముగ్గురు వచ్చి అబ్బాయి ఏం చేస్తాడని అడిగారు.

ఆ ఎనిమిదిలో ఒకటి మాత్రం నేనూ మరిచిపోలేను. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకొస్తుందన్నది. ఆమె పుస్తకం ముట్టుకోలేదు. "కొల్లేటి పక్కన ఒక చెరువు. నీళ్ళు రోజుకి రెండంగుళాలు తగ్గుతున్నాయి. తగ్గడం కాబట్టి మైనస్ రెండు. మూడు రోజుల వెనక్కి వెళ్దాం. వెనక్కి కాబట్టి మైనస్ మూడు. అప్పుడు నీళ్ళు ఇప్పటికన్నా తక్కువున్నాయా, ఎక్కువున్నాయా? ఆరంగుళాలు ఎక్కువ. అదే ప్లస్ ఆరు" అంది. అంతే. నలభై సెకన్లు. ఈ ముక్క నాకు చిన్నప్పుడు ఎవరైనా చెప్పుంటే నేను తెలుగు పండితుణ్ణి అయ్యేవాణ్ణి కాదేమో.

దాన్ని ఆరొందల మంది ఫోన్లో సేవ్ చేసి దాచుకున్నారని ఇందు ఎగిరి గంతేసింది. లైకుల కన్నా దాచుకోవడమే గట్టి లెక్కట, మళ్ళీ చూడాలనుకున్నవాళ్ళే దాచుకుంటారట. పసుపు గడుల సంగతి వేరు. దేవకుమారి చేపల పులుసు వండుతున్న ఫొటోకి అన్నిటికన్నా ఎక్కువ లైకులు. ఇరవై రెండు ఫోన్లొచ్చాయి. ఇరవై ఒకటి పులుసులో చింతపండు ఎంత వేయాలని. ఇరవై రెండోది ఆ మట్టి దాక ఎక్కడ కొన్నారని.

"చూశావా, లైకులు! మొత్తం పదహారూ పులుసులే పెట్టేద్దామే," అంది దేవకుమారి.

"లైకు కొట్టినవాళ్ళు పిల్లల్ని పంపరత్తా. పులుసు నెలకొకటే," అని ఇందు మొండికేసి కూర్చుంది.

పట్టికలో మే ఇరవై రెండుకి ఒక పసుపు గడి ఉంది. 'ఒక విద్యార్థి కథ, పేరు వద్దు, ఫొటో వద్దు' అని రాసి ఉంది. అసలు తంటా అక్కడే వచ్చింది.

దేవకుమారి మనసులో ఉన్నది ఇందుజ. దెందులూరు నుంచి ఆటోలో వచ్చే తొమ్మిదో తరగతి పిల్ల. లెక్కలంటే వణుకు. ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం తనే పెట్టేసుకుని, తర్వాత భయపడి టీచరు దగ్గర ఏడ్చింది. కార్డు ఇంట్లో చూపించే ధైర్యం వచ్చే దాకా టీచరు ఎవరికీ చెప్పనని మాటిచ్చింది. ఈలోగా ఆ పిల్ల కష్టపడి చదివి పరీక్ష గట్టెక్కింది. మంచి కథే. కానీ పిల్లని ఎవరూ గుర్తుపట్టకూడదు. అందుకని దేవకుమారి జాగ్రత్తపడింది. ఆడపిల్లని మగపిల్లాణ్ణి చేసింది. దెందులూరుని కొల్లేటి పక్క పల్లె చేసింది. తండ్రి వరి పొలాన్ని చేపల చెరువు చేసింది. పిల్లాడు చదువు కోసం తల్లితో వట్లూరొచ్చి అద్దింట్లో ఉంటున్నాడని రాసింది. సంతకం సంగతి మాత్రం ఉన్నదున్నట్టు ఉంచింది. నేను దిద్దాను. ఒక్క తప్పు లేదని సంతోషించాను కూడా.

మా ఇద్దరికీ తట్టనిదేమిటంటే, చేపల చెరువులున్న కొల్లేటి వాళ్ళు పిల్లవాడి చదువుకని తల్లిని తోడిచ్చి వట్లూరులో అద్దింట్లో ఉంచడమన్నది మా కాలనీలో కల్పన కాదు. అలాంటి ఇళ్ళు మూడున్నాయి. ఆ మూడిళ్ళ పిల్లలూ దేవకుమారి దగ్గరకే వస్తున్నారు.

మర్నాడు ఉదయం ఏడింటికి మొదటి తల్లి సీతారత్నం వచ్చింది. "మా శ్రీకర్ గురించేనా అండీ రాసింది? లోకమంతా చూసేలాగానా అండీ?" అంది. కాదమ్మా అని దేవకుమారి చెబుతుండగానే రెండో తల్లి వచ్చింది. "కాదు, మా వాడి గురించేనండి" అంది. మూడో ఆవిడ వచ్చేసరికి ఎవరి కొడుకు గురించి రాశారన్నది ముగ్గురి మధ్య పోట్లాట అయింది. నేను అరుగు మీంచి సర్దిచెప్పబోయాను. "మీరూరుకోండి మాస్టారూ, దిద్దింది మీరేనటగా" అన్నారు ముగ్గురూ ఏకకంఠంతో.

అంతటితో పోతే బాగుండేది. పోస్టు చూసిన ముగ్గురు తండ్రులూ చెరువుల దగ్గర్నుంచి బళ్ళేసుకొచ్చి, మంచాల కింద పెట్టెలు లాగి, ప్రోగ్రెస్ కార్డులు తీసి చూశారు. మూడింట్లో రెండింటి మీద సంతకాలు దొంగవి! దేవకుమారికి ఆ రెంటి సంగతి బొత్తిగా తెలియదు. గుర్తు దొరక్కుండా ఒక పిల్లని దాచబోయి, తెలియని ఇద్దరిని పట్టించింది. మూడో పిల్లాడి సంతకం అసలుదే. అయినా అనుమానపడినందుకు వాడు రెండు రోజులు అన్నం మానేశాడు. సాయంత్రానికి ముగ్గుర్నీ ట్యూషన్ మానిపించేశారు. ఇరవై నాలుగుకి కొత్తగా చేరిన ఆరుగురు కలిసి సరిగ్గా ముప్పై అయ్యారని ఆ ముందురోజే దేవకుమారి మిఠాయి పంచింది. ఇప్పుడు ఇరవై ఏడు.

ఆ కథ ఎవరిదో వాళ్ళ తల్లి మాత్రం ఫోన్ చేసి పొగిడింది. దెందులూరు నుంచి వీరరాఘవమ్మ. "ఎంత బాగా రాశారండీ టీచరుగారూ! పాపం ఆ పిల్లాడెవరో గానీ, మా ఇందుజకి చదివి వినిపించానండి. చూడు, పిల్లలెలా పాడైపోతున్నారో అన్నానండి," అంది. దేవకుమారి ఫోన్ పెట్టేసి తల పట్టుకుంది.

తాడేపల్లిగూడెం వెళ్ళిపోయిన ఇందు శనివారం మళ్ళీ రైల్లో వచ్చింది. పోస్టు తీసేశారు, తీసేసేసరికి అది నిజమేనని జనానికి ఖాయమైంది. "మే ఇరవై ఏడుకి ఎరుపు గడి ఉందత్తా. అడ్మిషన్ల పోస్టు తయారుగా ఉంది. ముందు దాన్ని ఆపేద్దాం. ఇంత గొడవలో చేరండి అంటే తిడతారు. ఏదైనా పాఠం పెడదాం," అంది ఇందు.

"పాఠం కాదు," అంది దేవకుమారి. లోపలికెళ్ళి ట్రంకుపెట్టె తెరిచి ఒక పాత కాగితం తెచ్చింది. ఆమె పదో తరగతి మార్కుల మెమో. లెక్కల్లో పంతొమ్మిది. ఫెయిల్.

ఇందు మెమో చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివింది. ఇరవై నాలుగేళ్ళుగా లెక్కలు చెబుతున్న అత్త సెప్టెంబరు పరీక్షల్లో పాసైందన్న సంగతి ఇంట్లోవాళ్ళకే తెలియదు. ఆమె తండ్రి జీవరత్నంగారు మిషన్ స్కూలు హెడ్మాస్టరు. పరువు కోసం ఆ సంగతి తొక్కిపెట్టారు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

ఆమె పోస్టుకని రాసిచ్చిన కాగితం నేను దిద్దడానికి తీసుకున్నాను. 'మొన్న రాసిన కథ మీ పిల్లలెవరిదీ కాదు. అందులో ఊరూ చెరువూ నేను కల్పించాను. అలాంటి కథ నాకు బాగా తెలుసు, ఎందుకంటే నాదీ అదే. పదో తరగతి క్వార్టర్లీ కార్డు మీద మా నాన్న సంతకం నేనే పెట్టాను. మా క్లాసు టీచరుకి తెలుసు. ఆయన ఊరుకున్నారు. ఆయన అప్పుడే పిలిచి అడిగుంటే, నాకు ఏమీ అర్థం కావడం లేదని చెప్పేసేదాన్ని. మార్చిలో ఫెయిలయ్యేదాన్ని కాదు. మీ పిల్లల్ని కొట్టకండి, అడగండి.'

ఆ క్లాసు టీచర్ని నేనే.

జీవరత్నంగారు అప్పట్లో మా హెడ్మాస్టరు, ఆయన చేతిరాత నాకు బాగా తెలుసు. ఆ సంతకం ఆయనది కాదని ఒక్క చూపులో తెలిసింది. హెడ్మాస్టరు కూతురితో నాకెందుకొచ్చిన గొడవని కార్డు కట్టలో పడేశాను. ఆ కాగితం పట్టుకుని నేను సిగ్గుతో చచ్చిపోయాను. క్లాసు టీచరు గురించిన వాక్యాలు కొట్టేస్తే పోస్టు పొట్టిగా, ఇంకా బాగా ఉంటుందని ఎర్ర పెన్ను ఎత్తాను కూడా. దేవకుమారి చూస్తూనే ఉంది. నేనే పెన్ను దించేశాను.

"ఇది ఏ రంగత్తా?" అంది ఇందు లాప్‌టాప్ ముందు కూర్చుని. "నీ సంగతి కాబట్టి పసుపా? పిల్లల్ని అడగమని చెబుతున్నావు కాబట్టి ఆకుపచ్చా? ఎరుపు గడిలో పెడుతున్నాం, ఎరుపు మాత్రం కాదు. లెక్కల టీచరు పంతొమ్మిది మార్కుల మెమో చూపించి అడ్మిషన్లు అడిగిందంటే మా బేకరీ ఓనరు కూడా నవ్వుతాడు."

"రంగు వద్దు. పెట్టు," అంది దేవకుమారి.

పెట్టారు. తర్వాత జరిగింది నేను చూస్తే గానీ నమ్మేవాణ్ణి కాదు. పాఠాలు చూసినవాళ్ళూ, పులుసు చూసినవాళ్ళూ అందరూ చూశారు. గ్రూపులోంచి తీసేసిన భీమశంకరం దాన్ని స్వయంగా కాలనీ గ్రూపులో పెట్టి, తనకి ఎనిమిదిలో లెక్కల్లో వచ్చిన మార్కులు కూడా రాసుకున్నాడు. ఎవరూ అడగలేదు. రెండు రోజులపాటు ట్యాంకరు సంగతి పక్కన పడేసి ఊళ్ళో పెద్దమనుషులందరూ తమ దొంగ సంతకాల ముచ్చట్లు చెప్పుకున్నారు. మెచ్చుకున్నవాళ్ళు వందల్లో ఉన్నారు. ఫెయిలైన ఆవిడ దగ్గరికి మా పిల్లలెందుకని ఇద్దరిని మానిపించారు. ఇరవై ఐదు. సీతారత్నం వారం తర్వాత కొడుకుని వెంటబెట్టుకుని వచ్చి వరండాలో దిగబెట్టి వెళ్ళిపోయింది. ఇరవై ఆరు. ఇక పెరగలేదు.

జూన్ పదకొండు సాయంత్రం హేమంత్‌కుమార్ ఫోన్ చేశాడు. దేవకుమారి స్పీకరులో పెట్టింది. "మేడమ్, మీ పోస్టు మా మేనేజ్‌మెంటు చూశారండీ. చాలా టచింగ్‌గా ఉందండీ. కానీ మా ఫ్యాకల్టీ అంటే పేరెంట్స్‌కి ఒక నమ్మకముండాలి కదండీ. ఆ ఒక్క పోస్టూ తీసేస్తే చాలండీ, మీ ఆర్డరు రేపు పొద్దున్నే రెడీగా ఉంటుందండీ," అన్నాడు.

ఇరవై ఆరు. ఆమె గీసుకున్న గీతకి నలుగురు తక్కువ. జేమ్స్ టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఒక్క మాట, ఒక్క మీట, ఉద్యోగం ఖాయం.

"తీయనండీ," అంది దేవకుమారి. "ఇరవై ఆరుగురున్నారండీ నాకు. రేపు ఐదింటికి క్లాసు." ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చింది.

మర్నాడు సాయంత్రం ఐదింటికి ముందే దెందులూరు ఆటో మా వీధిలో ఆగింది. ఇందుజ దిగింది. వెనక వీరరాఘవమ్మ, చేతిలో ప్రోగ్రెస్ కార్డుతో, ముఖం కందగడ్డలా చేసుకుని దిగింది. పిల్ల ఆ పోస్టు చదివి, పదిహేను రోజులు ఆలోచించి, పొద్దున తల్లికి చెప్పేసింది. నేను కుర్చీలోంచి లేచాను. ఈసారి నేను మాట్లాడాలి, దాటేయకూడదు అనుకున్నాను.

"అమ్మా, తప్పు టీచరుది కాదు, పిల్లదీ కాదు," అని మొదలుపెట్టాను.

"సంతకం సంగతి మేం ఇంట్లో చూసుకున్నామండి, దాని నాన్న ఏమీ అనలేదండి," అని వీరరాఘవమ్మ నన్ను పక్కకి తప్పించి దేవకుమారి దగ్గరికి నడిచింది. కార్డు ఆమె చేతిలో పెట్టింది. "ఆ కథ మా పిల్లదేనటండీ. దాని గురించి రాశారు, సరే. ఇంటి పరువు దాచారు, సంతోషమండి. కానీ మమ్మల్ని పట్టుకుని చేపల చెరువులోళ్ళంటారేంటండీ? మాది మూడెకరాల మాగాణి!"

లోపల ఇరవై ఐదుమంది పిల్లలు పగలబడి నవ్వారు. అందరికన్నా ముందు ఇందుజ నవ్వింది. వీరరాఘవమ్మ వెనక్కి తిరిగి, ఆటోలో ముడుచుకు కూర్చున్న ఆడపడుచు పిల్లలిద్దరినీ దిగమని కేకేసింది. "వీళ్ళకి లెక్కలు రావండి. అబద్ధాలు బాగా వచ్చు. మీకైతే తెలుస్తుందని తెచ్చాను," అంది.

ఇరవై ఎనిమిది. దేవకుమారి చాప ఇంకొంచెం పరిచి వాళ్ళిద్దరికీ ముందు వరసలో చోటు చేసింది.